మైనస్ పదహారు దగ్గర అమ్మ గొంతు

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో, ఎల్లయ్య బర్రెల కొట్టం మీద కట్టిన ఒంటిగదిలో ఆయన కొడుకు మహేందర్ మిక్సింగ్ చేస్తాడు. మిక్సింగ్ అంటే పెళ్ళి వీడియోలను కోసి, అతికించి, పాటలు కలిపి, ఇంటివాళ్ళు టీవీలో వేసుకుని చూసుకునేటట్టు తయారుచెయ్యడం. కింద ఆరు బర్రెలు, పైన ఒక కంప్యూటరూ రెండు స్పీకర్లూ. పేడ వాసన పడని కస్టమర్లు మెట్ల మీదే నిలబడి మాట్లాడి పోతారు. పడేవాళ్ళు లోపలికొచ్చి కూర్చుంటారు, అతని తల్లి సుశీలమ్మ పంపిన చాయ్ తాగుతారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే తంతు.

మన పెళ్ళి వీడియోల సంగతి చెప్పాలంటే నాకు ముందు కోపమే వస్తుంది. పంతులు మంత్రం చదివితే గోడలు అదురుతాయి. పెళ్ళికూతురి తండ్రి గొంతు పూడుకుపోయి రెండు ముక్కలు మాట్లాడితే ఒక్కటీ వినపడదు. విందామని రిమోట్ పట్టుకుని సౌండు పెంచుతామో లేదో, పాట వచ్చి నెత్తిన పడుతుంది. ఒళ్ళో పాప ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఇంత డబ్బు పోసి తీయించుకున్న వీడియో చూడాలంటే ఒక మనిషి రిమోట్‌తో కాపలా కూర్చోవాలి. మహేందర్ చేసిన వీడియోలకు ఆ కాపలా అక్కర్లేదు. సైదాబాద్ నుంచి పత్తర్‌గట్టి దాకా ఫొటోగ్రాఫర్లు అతన్ని వెతుక్కుంటూ వచ్చేది అందుకే.

ఆ పని అతను చేసే పద్ధతి వేరు. పాట జోలికి ముందే పోడు. ఏ ముక్కకా ముక్క విడిగా తీసుకుని మాటలను సరిచేస్తాడు. పంతులు మైకు మెడకే ఉంటుంది కాబట్టి దాన్ని దించుతాడు, తండ్రి ఆరడుగుల దూరాన నిలబడ్డాడు కాబట్టి ఆయన్ని పెంచుతాడు. ఎవరు మాట్లాడినా ఒకే గదిలో మన ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు ఉండాలి. ఎవరో చప్పట్లు కొడితే తెర మీద గీత పైదాకా ఎగురుతుంది. దాన్ని చూసి మోసపోయి ముక్కనంతా దించేస్తే అసలు మాట అడుగున పడిపోతుందని, చూడాల్సింది ఎగిరిన గీతను కాదు, మాట మొత్తం మీద చెవికి ఎంత గట్టిగా తగులుతుందో దాన్నని కొత్తవాళ్ళకు చెప్పేవాడు. మాటలన్నీ ఒక వరసకు వచ్చాకే పాట తెస్తాడు. మనిషి నోరు తెరవడానికి కొంచెం ముందు పాట తగ్గాలి, మాట అయ్యాక మెల్లగా లేవాలి. తగ్గిందని చూసేవాడికి తెలియకూడదు.

స్పీకరు సౌండు తిప్పే గుండీ పక్కన అతని భార్య గీతాంజలి ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టింది. గుండీ ఎప్పుడూ ఆ చుక్క దగ్గరే ఉండాలి. ఇవాళ ఒక సౌండులో, రేపు ఒక సౌండులో వింటే చెవి లెక్క తప్పుతుంది. పద్నాలుగేళ్ళు ఆ గుండీ కదల్లేదు.

చెవి పోవడం కన్ను పోవడం లాంటిది కాదు. నొప్పి ఉండదు, ఎవరికీ కనపడదు. మనిషికే తెలియకుండా ఒక్కో అక్షరం రాలిపోతుంది. గదిలో కూర్చునే పని దొరక్కముందు మహేందర్ కెమెరా భుజాన వేసుకుని పదేళ్ళు బరాత్‌ల ముందు నడిచాడు. బ్యాండు వెనక, డీజే బాక్సుల పక్కన, ఊరేగింపుల్లో తీన్మార్ డప్పుల నడుమ. ఇంటికొచ్చి పడుకుంటే చెవుల్లో సన్నగా ఈల మోగేది. అలసట అనుకున్నాడు. ఆ ఈల పోలేదు, కొన్నాళ్ళకు అదే ఇంట్లో మనిషిలా అయింది. తర్వాత మాటల్లోంచి సకారాలూ తకారాలూ పోవడం మొదలైంది. ఎవరో మాట్లాడుతున్నారని తెలిసేది గానీ ఏమంటున్నారో తెలిసేది కాదు. అప్పుడతను మనలో చాలామంది చేసే పనే చేశాడు. ఎదుటి మనిషి మొహం చూసి నవ్వడమో, తలాడించడమో, సరే అనడమో. సరే అంటే లోకంలో సగం లొల్లి అక్కడే ఆగిపోతుంది. పాపం, అతనికి అది బాగా పనికొచ్చింది.

సంగతి బయటపడింది సైదాబాద్‌లో ఒక ఓణీల ఫంక్షన్ వీడియోతో. తెచ్చిన ఫొటోగ్రాఫర్ నందు వారం తిరక్కుండా మెట్లెక్కి వచ్చాడు. మాటలు సూదుల్లాగ గుచ్చుతున్నాయని, పాటేమో పక్కింట్లో మోగుతున్నట్టుందని పార్టీవాళ్ళు తిట్టిపోశారట. తాగి చేసినవా అన్నా అని నవ్వుతూనే అడిగాడు. మహేందర్ కూడా నవ్వాడు. నందు పోయాక గుండీ చూశాడు. ఎర్ర చుక్క ఎక్కడో కింద ఉంది. గుండీ చాలా పైకి తిరిగి ఉంది. తిప్పింది తన చెయ్యే, ఎప్పుడు తిప్పిందో తనకే తెలియదు. రాలిపోయిన అక్షరాల కోసం మాటల్లో పదును పెంచుకుంటూ పోయిందీ తనే. ఆ మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని ఏడ్చాడు. గదిలో బతికే మనిషికి చెవులే ఆస్తి, అవి పోయాయని తెలిస్తే నందు కాదు కదా, నందు నీడ కూడా ఆ మెట్లెక్కదు.

ఆ రోజు నుంచి అతను చెవిని వదిలి, తెర మీద సౌండు కొలిచే మీటరును పట్టుకున్నాడు. మీటరులో సున్నా అంటే అన్నిటికంటే పైన, అక్కడి నుంచి కిందికి మైనస్ అంకెలు. మాట సగటున మైనస్ పదహారు దగ్గర నిలవాలి, మాట కింద పాట మైనస్ ముప్పై దాటి పైకి రాకూడదు. ఇది పెట్టుకున్నాక ఇంక తిరుగులేదనిపించింది. ఏడాది గడిచింది. ఒక్క కంప్లైంట్ లేదు. మునుపటికన్నా మస్తు చేస్తున్నవ్ అన్నా అని నందు వాట్సాప్‌లో రాశాడు. రాసింది కాబట్టి అది మహేందర్‌కు పూర్తిగా అందింది. కంటితో వినొచ్చని అతనికి ధీమా వచ్చేసింది. మీటరు అంకె చెప్తుంది గానీ అది ఎవరి అంకెనో చెప్పదని అప్పటికతనికి తట్టలేదు. ఆ ఏడాది చేసినవన్నీ మైకు పెట్టి తీసినవి, ఒకరి మాటలో ఒకరు కలవనివి. అందుకే గండం గడిచింది.

సుశీలమ్మ మాఘమాసంలో పోయింది. పొద్దున పాలు పిండి, వాడకట్టు వాళ్ళకు పోసి, కొట్టం గడప మీద కూర్చుని అట్లాగే ఒరిగిపోయింది. గుండె అన్నారు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి, ఒక్కరోజు మంచాన పడలేదు, ఎవరితోనూ చేయించుకోలేదు. ఎల్లయ్య మూడు రోజులు బర్రెల దగ్గరికి పోలేదు, పాలు వాడకట్టు వాళ్ళే పిండారు. నాలుగో రోజు పోయి, పాలు పిండకుండా వాటి మధ్య ఊరికే నిలబడి వచ్చాడు.

ఇప్పుడు మా దిక్కు దశదినానికి టెంటూ భోజనాలూ ఎంత తప్పనిసరో, పోయినవాళ్ళ వీడియో కూడా అంతే. టెంటులో పెద్ద టీవీ పెట్టి, ఫొటోలూ పాత పెళ్ళిళ్ళలో వాళ్ళు మాట్లాడిన ముక్కలూ కలిపి పది నిమిషాలు వేస్తారు. విస్తళ్ళు వేసేముందు అందరూ చూసి ఏడుస్తారు. మహేందర్ ఊరందరికీ చేశాడు. ఇప్పుడు తల్లికి చెయ్యాలి. ఎల్లయ్య ఏమీ అడిగే మనిషి కాదు. ఒక్కటి మాత్రం కొడుకును పక్కకు పిలిచి, దగ్గరగా చెప్పాడు. "ఫొటోలు ఎన్నన్న పెట్టు గానీ, దాని గొంతు వినిపియ్యి బిడ్డా. గొంతు యాది తప్పుతున్నది నాకు."

ఆ మాట మహేందర్‌కు అందింది. అందుకే ఆ పని ఇంకెవరికీ ఇవ్వదలుచుకోలేదు.

పదకొండు ముక్కలు దొరికాయి. చెల్లెలి పెళ్ళిలో పాట పాడినది, బోనమెత్తుకుని ఎవరినో కేకేసినది, చుట్టాలింట్లో అన్నం వడ్డిస్తూ బతిమాలినది. చివరిది వీడియో కాదు, ఫోనులో పంపిన వాయిస్ మెసేజ్. సుశీలమ్మకు రాయడం రాదు. కొట్టంలోంచి పైగదికి చెప్పాల్సింది ఉంటే మెట్లెక్కలేక, మైకు బొమ్మ నొక్కి మాట్లాడి పంపేది. మహేందర్ అన్నిటికీ ఒక బొటనవేలి బొమ్మ పంపేవాడు. ఎక్కువగా అవి అన్నం తిన రమ్మనో, బర్రెకు దాణా తెమ్మనో ఉండేవి, కాబట్టి ఆ బొటనవేలుతో పని జరిగిపోయేది. ఈ ఆఖరి మెసేజ్ ఆమె పోవడానికి ఇరవై నాలుగు రోజుల ముందుది. ముప్పై ఎనిమిది సెకన్లు. ఆమె తన గొంతుతో పంపిన చివరిది అదే కనక వీడియో దాంతోనే ముగియాలని అనుకున్నాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కూర్చున్నాడు. గీతాంజలి అన్నం పెట్టి, ఒకసారి తను కూడా వింటానంది. పెళ్ళయినప్పటి నుంచి కస్టమర్ల ఫోన్లలోంచి ముక్కలు ఎక్కించి పేర్లు పెట్టేది ఆమే, పని తెలిసిన మనిషే. అతను మొగం ఎర్రగా చేసుకున్నాడు. "మా అమ్మ గొంతు నాకు తెల్వదా?" ఆమె కంచం తీసుకుని దిగిపోయింది.

పది ముక్కలూ చక్కగా కుదిరాయి. అవన్నీ తను ఎన్నేళ్ళ కిందనో చెవులున్నప్పుడు విన్నవి, మాటలు నోటికి వచ్చు. చివరి ముక్క దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకుని పూర్తిగా పెంచాడు. ఆడమనిషి గొంతు ఒకటి మబ్బులోంచి వచ్చినట్టు వచ్చింది. తెర మీద మాటల గుబురు కనపడింది. మొదటి ఇరవై సెకన్లూ దట్టంగా, తర్వాత బాగా సన్నగా. అమ్మ మాట్లాడీ మాట్లాడీ అలిసిపోయిందనుకున్నాడు. ముక్క మొత్తం కొలిస్తే మైనస్ ఇరవై ఒకటి చూపించింది. అయిదు పెంచి మైనస్ పదహారుకు తెచ్చాడు. కింద వేణువు మైనస్ ముప్పై దగ్గర పెట్టాడు. తెర మీద పాల క్యాను పట్టుకుని నవ్వుతున్న అమ్మ ఫొటో పెట్టాడు. అంకెలన్నీ సరిపోయాయి.

మర్నాడు టెంటులో వందమంది దాకా ఉన్నారు. ముందు వరసలో ఎల్లయ్య, పక్కన వాడకట్టు ఆడవాళ్ళు. బోనమెత్తుకుని కేకేసినప్పుడు అందరూ ఏడుస్తూనే నవ్వారు. మహేందర్ టీవీ పక్కన నిలబడి మొహాలు చూస్తున్నాడు. చెవులు లేని మనిషికి మొహాలే దిక్కు. అన్ని మొహాలూ తడిగా, మెత్తగా ఉన్నాయి. అతనికి పదిరోజుల్లో మొదటిసారి గుండె తేలికైంది.

చివరి ముక్క వచ్చింది. సుశీలమ్మ ఫొటో మీద ఒక గొంతు గట్టిగా, స్పష్టంగా, పెరుగు సరిగ్గా తోడుకోలేదని తగాదా పెట్టుకుంది. "గీ పాలేంది సుశీలా, నల్లా నీళ్ళు గలిపినవా? గింత పల్చగున్నయ్." ఆ గొంతు సుశీలమ్మది కాదు. పక్కింటి చంద్రమ్మది. ఆ పొద్దున పాలకొచ్చి ఫోను పక్కన నిలబడి మాట్లాడింది, సుశీలమ్మ అప్పటికే మైకు నొక్కి ఫోనును అక్కడ పెట్టిన సంగతి ఆమెకు తెలియదు. ఇప్పుడు ఆమె మూడో వరసలో కూర్చుని ఉంది. తన గొంతు తను గుర్తుపట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఇరవై సెకన్లు చంద్రమ్మ పాలను తిట్టింది. తర్వాత ఆమె పోయినట్టుంది, వేణువు వినపడింది. వేణువు కింద ఎక్కడో దూరంగా ఇంకో గొంతు గొణిగింది. అది సుశీలమ్మది. కొట్టంలో అవతలి నుంచి, ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా మాట్లాడింది. మీటరు చంద్రమ్మను కొలిచింది. ఆమెను మైనస్ పదహారుకు తెస్తే సుశీలమ్మ వేణువు కన్నా అడుగున మిగిలిపోయింది.

ఎల్లయ్య కుర్చీలోంచి ముందుకు వంగాడు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వేణువు సాగుతూ సాగుతూ ఆగిపోయింది. ముసలాయన లేచి, కొడుకు దగ్గరికి వచ్చి, కళ్ళనిండా నీళ్ళతో అడిగాడు.

"మీ అమ్మేది రా గిండ్ల?"

మహేందర్‌కు తండ్రి కన్నీళ్ళు కనపడ్డాయి. పెదాలు కదలడం కనపడింది. బాగా చేసినవ్ బిడ్డా అని ఉంటాడనుకున్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని తలాడించాడు.

"సరే బాపు," అన్నాడు.

టెంటు మొత్తం అతని వైపు చూసింది. ఏడ్చి ఏడ్చి పోరనికి దిమాగ్ పనిచేస్తలేదని ఒకరు సర్దిచెప్పారు. ఎల్లయ్య చెయ్యి విడిపించుకుని పోయి కూర్చున్నాడు. విస్తళ్ళు వేశారు. గీతాంజలి మాత్రం వడ్డించే చెంబు కింద పెట్టి చాలాసేపు మొగుడినే చూస్తూ నిలబడింది. ఇన్నాళ్ళుగా విన్న సరేలన్నీ ఆమెకు ఒక్కసారే అర్థమయ్యాయి. ఆ నిమిషంలో ఆమెకు జాలి కలగలేదు, ఒళ్ళు మండిపోయింది. ఇంత దాచిపెట్టుకున్న మనిషితో ఒక కప్పు కింద ఉన్నందుకు.

చుట్టాలు పోయాక, పొద్దు వాలకముందే పైగదికి వచ్చి అతన్ని కుర్చీలోంచి లేపి తను కూర్చుంది. జరిగింది చెప్పింది. అతను మొదట వినలేదు, అంటే వినపడలేదు. ఎదురుగా మొహం పెట్టి, ఒక్కో మాటా విడదీసి మళ్ళీ చెప్పింది. చంద్రమ్మ పేరు దగ్గర అతని మొహం పాలిపోయింది. గోడకు జారగిలబడి నేల మీద కూర్చుండిపోయాడు.

"రెండేండ్ల సంది వినొస్తలేదు," అన్నాడు. "చెప్తె ఎవ్వరు పని ఇయ్యరని చెప్పలే. మా అమ్మ గొంతన్న గుర్తుపడ్తననుకున్న."

గీతాంజలి ముక్కను రెండుగా కోసింది. చంద్రమ్మను తీసి పడేసింది. మిగిలిన పద్దెనిమిది సెకన్లను విడిగా కొలిస్తే మైనస్ ముప్పై ఏడు. మొత్తం ఇరవై ఒకటి పెంచింది. దాంతోపాటు ఫ్యాను హోరూ బర్రె మెడ గంటా లేచి వచ్చాయి. హోరు కొంచెం కోసి, ఇంక ఎక్కువ కోస్తే గొంతే చెడుతుందని వదిలేసింది. వేణువును పూర్తిగా తీసేసింది. ఇది అతను నేర్పిన పనే. నేల మీది నుంచి అతను మీటరు పచ్చగా ఊగడం చూస్తున్నాడు. ఆమె మూడుసార్లు విన్నది. మూడోసారి హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమంటుంది?" అన్నాడు.

ఆమె దిగి వచ్చి అతని పక్కన కూర్చుని, కుడిచెవి దగ్గర నోరు పెట్టి అత్త మాటలను అత్త అన్నట్టే చెప్పింది.

"బిడ్డా, నీకు చెవులు సక్కగ వినొస్తలేవు. నేను ఒకటంటె నువ్వొకటంటవ్, నాకెరుకే. బాపుకు చెప్పలే, ఫికర్ చేస్తడని. దవాఖానల సూపెట్టుకో. పోతానని నాకు మాటియ్యి."

ఇంకా మిగిలి ఉందని ఆమె మొహం చూస్తే తెలుస్తోంది. ఫోను తీసి అతనికి చూపించింది. ఆ మెసేజ్ కింద, అదే నిమిషంలో, అతను పంపిన బొటనవేలు ఉంది. ఆ వారమే సుశీలమ్మ ఒకనాడు చింతకాయ పచ్చడి దంచుతూ, మహేందర్ నాకు మాటిచ్చిండే, ఇంక నాకు రంది లేదని కోడలితో అన్నదట. దేని గురించో గీతాంజలి అడగలేదు. ముసలామె చెప్పలేదు. ఎంతో సంతోషంగా ఉండింది ఆ రోజు.

ఇదంతా ఆమె మామూలు గొంతుతో చెప్పింది, ఏడుపు అడ్డం వచ్చి ఇంకా తగ్గింది. అతనికి సగం అందలేదు. మొహం చూసి తలాడించబోయాడు. మెడ సగం కదిలి ఆగిపోయింది.

"వినపడలే," అన్నాడు. "మళ్ళ చెప్పు."

గీతాంజలి ఊపిరి పీల్చుకుని, అరిచినంత గట్టిగా చెప్పింది. "నువ్వు మాటిచ్చినవనుకున్నది. నీ చెవులు సూపెట్టుకుంటవనుకుని పోయింది."

ఆ గదికి కిటికీ లేదు, ఉన్న ఒక్క తలుపూ మెట్ల మీదికి తెరుచుకుని ఉంది. కింద కొట్టంలో పదిరోజుల తర్వాత మొదటిసారి పాలు పిండుతున్న ఎల్లయ్య చేతులు ఆగిపోయాయి.